ఖుత్బా సారాంశం: ఏది వదలాలి? ఏది వదలకూడదు?

జుమా రోజు మసీదులో ఖతీబ్ సాహెబ్ చేసే ప్రసంగం ఎంతమందికి చేరుతోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే కాస్త దిగులుగానే ఉంటుంది. మన ఊళ్ళలో చాలా మసీదుల్లో స్త్రీలు జుమాకు హాజరయ్యే ఏర్పాటు లేదు. నడవలేని వృద్ధులు, రోగులు ఇంటిదగ్గరే ఉండిపోతారు. దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే సోదరులు ప్రసంగం ముగిసే వేళకు పరుగున వచ్చి సఫ్‌లో నిలబడతారు. ఇక తెలుగు మాధ్యమంలో చదువుకున్న మన పిల్లలు ముందు వరుసలో కూర్చున్నప్పటికీ, గ్రాంథికమైన ఉర్దూలో సాగే ప్రసంగం వారికి సగమే అర్థమవుతుంది.

ఇలాంటివారి కోసమే కొన్ని మసీదుల్లో ఒక మంచి అలవాటు మొదలైంది. ఆనాటి ప్రసంగ సారాంశాన్ని తెలుగులో అరపేజీకి కుదించి నోటీసు బోర్డు మీద పెడుతున్నారు, ఇళ్ళకు పంపుతున్నారు, సెల్‌ఫోన్ సందేశంగా అందిస్తున్నారు. మా పేజీకి కూడా ఇటువంటి సారాంశాలు వస్తుంటాయి. వాటిని శ్రద్ధగా చదివే అవకాశం మాకు ఉంది గనుక, ఈ పని చేస్తున్న సోదరులతో కొన్ని విషయాలు పంచుకోవాలనుకుంటున్నాం.

ముందుగా ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. మసీదులో కూర్చుని విన్నవారికి సారాంశం ఒక జ్ఞాపిక మాత్రమే. విననివారికి మాత్రం అదే ప్రసంగం. అందులో రాయని మాట వారి దృష్టిలో ఖతీబ్ సాహెబ్ అనని మాటే. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) హిజ్రీ 10వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 632లో, తమ అంతిమ హజ్ సందర్భంగా ప్రసంగిస్తూ, ఇక్కడ ఉన్నవారు లేనివారికి ఈ సందేశాన్ని అందజేయాలని ఆదేశించారు. సందేశం అందుకున్న వ్యక్తి స్వయంగా విన్న వ్యక్తికంటే దానిని బాగా అర్థం చేసుకోవచ్చని కూడా సెలవిచ్చారు. అందజేసేవాడి చేతిలో ఉన్నది అమానతు. తన చేతిలో అది తరిగిపోకుండా చూసుకోవడం అతని బాధ్యత.

అయితే కుదించడమంటేనే తగ్గించడం కదా అని కొందరు అడగవచ్చు. నిజమే. 20 నిమిషాల ప్రసంగాన్ని యథాతథంగా కాగితం మీద పెడితే ఇంచుమించు 2000 మాటలవుతుంది. బులెటిన్‌లో 150 మాటలకు చోటుంటుంది. అంటే పద్నాలుగు మాటల్లో పదమూడు వదిలేయాలి. ఏ పదమూడు అన్నదే ప్రశ్న.

ఇందులో మొదటి సగం సులభం. ప్రసంగంలో ఒకే విషయం రెండుమూడుసార్లు వస్తుంది. అది ప్రసంగానికి లోపం కాదు. ప్రవక్త (స) ఒక మాటను శ్రోతలకు బాగా అర్థం కావాలని మూడుసార్లు చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. చెవి వెనక్కి వెళ్ళి మళ్ళీ వినలేదు గనుక నాలుక మళ్ళీ చెప్పాలి. కన్నుకు ఆ ఇబ్బంది లేదు. చదువరి కావాలంటే పై వాక్యాన్ని తిరిగి చూసుకుంటాడు. కాబట్టి పునరుక్తులు నిశ్చింతగా తీసేయవచ్చు. ఆరంభంలోని స్తోత్రం, మధ్యలో చదివిన షేర్లు, శ్రోతలను మేల్కొల్పడానికి చెప్పిన ఉపకథలు కూడా అంతే. ఖతీబ్ సాహెబ్ మొహల్లాలో ఎవరి తగాదా గురించైనా పరోక్షంగా సూచించి ఉంటే దాన్ని తప్పకుండా తీసేయాలి. మాటగా అది గాలిలో కలిసిపోతుంది. అచ్చులో పడితే ఒక కుటుంబం పరువు తీస్తుంది.

ఇలా తీసేసిన తర్వాత కూడా 700, 800 మాటలు మిగులుతాయి. అసలు ప్రమాదం ఇక్కడినుంచే మొదలవుతుంది. ఎందుకంటే మిగిలినవన్నీ అవసరమైనవే, అయినా ఇంకా కోయాలి.

ఈ చిక్కు మనకే కొత్తగా వచ్చింది కాదు. హదీసు విద్వాంసులు శతాబ్దాల క్రితమే దీన్ని ఎదుర్కొన్నారు. ఒక సుదీర్ఘ హదీసులో కొంత భాగాన్నే చెప్పవచ్చా? దీన్ని వారు 'ఇఖ్తిసార్' అంటారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఒకే హదీసును ముక్కలుగా వేర్వేరు అధ్యాయాల్లో సందర్భాన్నిబట్టి పొందుపరచారు. హిజ్రీ 643 (క్రీ.శ. 1245)లో మరణించిన ఇమామ్ ఇబ్నుస్సలాహ్ (రహ్మ) హదీసు శాస్త్రంపై రాసిన సుప్రసిద్ధ గ్రంథంలో దీనికి షరతు చెప్పారు. కుదించే వ్యక్తి విషయం తెలిసినవాడై ఉండాలి. అతను వదిలేసే భాగం, అతను ఉంచే భాగంతో ముడిపడి ఉండకూడదు. వదిలేసినందువల్ల ఉంచినదాని అర్థం మారకూడదు.

దీనికి విద్వాంసులు ఇచ్చే ఉదాహరణ మన రైతు సోదరులకు బాగా తెలిసినదే. చెట్టుమీది కాయ పక్వానికి వచ్చిన ఆనవాలు కనబడేంతవరకు దాన్ని అమ్మవద్దని ప్రవక్త (స) నిషేధించారు. ఇందులో 'అంతవరకు' అనే గడువును తీసేస్తే మిగిలేది పండ్లు అమ్మకూడదన్న ఆదేశం. మిగిలిన మాటలన్నీ నిజమే, ఒక్కటీ కల్పితం కాదు. అయినా వాక్యం అబద్ధమైపోయింది. గడువు, షరతు, మినహాయింపు – ఈ మూడూ వాక్యంలో చిన్న మాటలుగానే కనిపిస్తాయి. కుదించేవారి కత్తెర మొదట వీటిమీదికే పోతుంది. ఆదేశాన్ని ఆదేశంగా నిలబెట్టేది మాత్రం అవే.

ఇప్పుడు ఒక ప్రసంగాన్ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం. అంశం అప్పు. మన మసీదుల్లో తరచుగా వచ్చే అంశమే, మన ఇళ్ళన్నిటికీ సంబంధించినదే. ఖతీబ్ సాహెబ్ ఈ క్రమంలో మాట్లాడారనుకుందాం.

మొదట, అప్పును గడువుతో సహా రాసుకోవాలని ఆదేశించే బఖరా సూరాలోని 282వ ఆయతును వివరించారు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు ఇదేనని చెప్పారు. రెండవది, అదే సూరాలో దానికి కాస్త ముందు, 280వ ఆయతులో, అప్పుపడినవాడు ఇబ్బందుల్లో ఉంటే వెసులుబాటు కలిగేవరకు అతనికి గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే ఇంకా మేలని అల్లాహ్ సెలవిచ్చిన సంగతి చెప్పారు. మూడవది, సంపన్నుడు బాకీని వాయిదా వేయడం జుల్మ్, అంటే అన్యాయం, అన్న ప్రవక్త (స) వారి హెచ్చరిక.

నాలుగవది ఒక సంఘటన. బాకీతో మరణించిన ఒక వ్యక్తి జనాజాను ప్రవక్త (స) వద్దకు తీసుకువచ్చారు. అతనికి మూడు దీనార్ల బాకీ ఉంది, తీర్చడానికి ఏమీ మిగల్చలేదు. మీ సహచరునికి మీరు నమాజు చేయండని ఆయన (స) అక్కడివారికి చెప్పారు. ఆ బాకీ నాది అని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు రాగా, అప్పుడు ఆయనే (స) స్వయంగా జనాజా నమాజు చేయించారు. అయిదవది, దీనికి కొనసాగింపు. తర్వాతి కాలంలో అల్లాహ్ విజయాలు, సంపద ప్రసాదించినప్పుడు, ఎవరైనా విశ్వాసి బాకీతో మరణిస్తే దాన్ని తీర్చే బాధ్యత తనదని, అతను వదిలిన ఆస్తి మాత్రం వారసులదని ప్రవక్త (స) ప్రకటించారు. చివరగా, మృతుని ఆస్తిని పంచుకోవడానికి ముందే బాకీ చెల్లించాలని గుర్తుచేసి, ప్రతి ఒక్కరూ తమ బాకీల చీటీ రాసి ఇంట్లో చూపించి పెట్టాలని ఖతీబ్ సాహెబ్ తమ తరఫున సలహా ఇచ్చారు.

ఈ ప్రసంగాన్ని తొందరలో కుదిస్తే ఎలా ఉంటుందో చూడండి:

"అప్పు ఎగ్గొట్టేవాడు జాలిమ్. బాకీతో చచ్చినవాడికి జనాజా నమాజు చేయడానికి ప్రవక్త నిరాకరించాడు. అప్పులు రాసుకోవాలి. చీటీ రాసి ఇంట్లో పెట్టాలి. ముస్లిములు ఇకనైనా అప్పులు తీర్చడం నేర్చుకోవాలి."

పొట్టిగానే ఉంది. చురుగ్గా కూడా ఉంది. పైపైన చూస్తే ఖతీబ్ సాహెబ్ చెప్పిన అంశాలు ఇందులో లేవని అనలేం. ఇప్పుడు దీన్ని ఒక వితంతువు చేతిలో పెట్టి ఊహించండి. ఆమె భర్త ఆరునెలల క్రితం ఆస్పత్రి ఖర్చులకు చేసిన బాకీతో కన్నుమూశాడు. జనాజా నమాజుకే నోచుకోదగని మనిషా తన భర్త అని ఆమె కుమిలిపోతుంది. అదే కాగితాన్ని వడ్డీ వ్యాపారి చేతిలో పెట్టి చూడండి. ఇబ్బందుల్లో ఉన్నవాడి గుమ్మం ముందు నిలబడి, నువ్వు జాలిమ్‌వని మసీదువాళ్ళే రాశారని అంటాడు. ఖతీబ్ సాహెబ్ ప్రసంగం ఈ ఇద్దరిలో ఒకరిని ఓదార్చేది, మరొకరిని ఆపేది. సారాంశం దాన్ని తలకిందులు చేసింది.

ఎక్కడ జరిగింది ఈ తారుమారు? నాలుగు చోట్ల.

మొదటిది, 'సంపన్నుడు' అనే ఒక్క మాట పోయింది. ప్రవక్త (స) అన్యాయమన్నది చెల్లించే స్తోమత ఉన్నవాడు చేసే వాయిదాను. ఆ మాట తీసేయగానే పేదవాడు కూడా ఆ తీర్పు కిందికి వచ్చేశాడు. రెండవది, 280వ ఆయతు పూర్తిగా పోయింది. అంటే అప్పు పుచ్చుకున్నవారి బాధ్యత మిగిలింది, ఇచ్చినవారి బాధ్యత ఎగిరిపోయింది. రెండు వైపులా హక్కులు చెప్పిన ప్రసంగంలో ఒక వైపే ఉంచడం చాలా సులభంగా జరిగే పొరపాటు. భార్యాభర్తల హక్కుల ప్రసంగంలో, తల్లిదండ్రులూ పిల్లల ప్రసంగంలో కూడా ఇదే జరుగుతుంది. రాసేవాడు ఏ వైపు మనిషైతే ఆ వైపు మాటలు అతనికి బాగా గుర్తుంటాయి.

మూడవది, 'నిరాకరించాడు' అన్న మాట. ప్రవక్త (స) తాను చేయించలేదు గాని, మీరు చేయండని సహచరులకు చెప్పారు. ఆ వ్యక్తికి జనాజా నమాజు లేకుండా పోలేదు. నాలుగవది, కథ సగంలో ఆగిపోయింది. అబూ ఖతాదా (రజి) బాధ్యత తీసుకోవడమూ, తర్వాతి కాలంలో ప్రవక్త (స) తానే ఆ బాకీలు భరించడమూ లేకుండా ఈ సంఘటన చెప్పడమంటే, 'అంతవరకు' అనే మాట లేకుండా కాయల సంగతి చెప్పడం లాంటిదే. ఈ సంఘటన చెప్పడానికి చోటు లేకపోతే మొత్తం వదిలేయాలి. సగం చెప్పడంకంటే అసలు చెప్పకపోవడమే క్షేమం. బులెటిన్ రాసేవారికి మేము ఇచ్చే ముఖ్యమైన సలహా ఇదే. ఆరు అంశాల్లో ప్రతిదాన్నీ కొంచెం కొంచెం కోయకండి. కావాలంటే రెండు అంశాలు పూర్తిగా తీసేసి, మిగిలిన నాలుగింటిని నిండుగా ఉంచండి.

అదే ప్రసంగాన్ని ఇలా కుదించవచ్చు:

"ఈ జుమా సందేశం: అప్పు – ఇచ్చినవారి బాధ్యత, పుచ్చుకున్నవారి బాధ్యత. అప్పును గడువుతో సహా రాసుకోవాలని అల్లాహ్ ఆదేశిస్తున్నాడు (బఖరా, 282). అప్పు తీసుకున్నవారు ఇబ్బందుల్లో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని కూడా అల్లాహ్ సెలవిస్తున్నాడు (బఖరా, 280). చెల్లించే స్తోమత ఉండి కూడా వాయిదా వేయడం అన్యాయమని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). తొలిరోజుల్లో ఎవరైనా తీర్చే దారి లేని బాకీతో మరణిస్తే, జనాజా నమాజు చేయమని ప్రవక్త (స) సహచరులకు చెప్పేవారు. ఒకసారి హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తాను తీరుస్తాననగా ప్రవక్త (స) స్వయంగా నమాజు చేయించారు. తర్వాత అల్లాహ్ సంపద ప్రసాదించినప్పుడు అలాంటి బాకీలను ప్రవక్త (స) తామే భరించారు (బుఖారీ). మృతుల ఆస్తి పంచుకోవడానికి ముందే వారి బాకీ చెల్లించాలి. మనలో ప్రతి ఒక్కరం మన బాకీల చీటీ రాసి ఇంట్లోవారికి చూపించాలని ఖతీబ్ సాహెబ్ కోరారు."

ఇది కూడా 150 మాటల లోపే ఉంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు ఏదన్న సంగతి ఇందులో లేదు. మూడు దీనార్లు అన్న లెక్క లేదు. అవి వినడానికి బాగుంటాయి గాని, అవి లేకపోయినా ఏ ఆదేశమూ మారలేదు. షరతులు మాత్రం ఒక్కటీ పోలేదు. 'స్తోమత ఉండి కూడా', 'ఇబ్బందుల్లో ఉంటే', 'వెసులుబాటు కలిగేవరకు', 'తొలిరోజుల్లో', 'తర్వాత' – ఈ మాటలకు ఖర్చయిన చోటు వృథా కాదు.

మరో విషయం గమనించారా? ఇందులో మూడు గొంతులు వేరువేరుగా వినబడుతున్నాయి. అల్లాహ్ సెలవిచ్చింది ఏది, ప్రవక్త (స) ఉపదేశించింది ఏది, ఖతీబ్ సాహెబ్ కోరింది ఏది అన్నది చదువరికి తెలుస్తుంది. మొదటి సారాంశంలో ఇవన్నీ కలిసిపోయాయి. చీటీ ఇంట్లో పెట్టాలన్న ఖతీబ్ సాహెబ్ సలహా, రాసుకోవాలన్న దైవాజ్ఞ పక్కనే నిలబడి తానూ ఆయతులాగే కనబడింది. మంచి సలహానే కావచ్చు, కాని మనిషి సలహాకు వహీ స్థాయి ఇచ్చే అధికారం సారాంశం రాసేవారికి లేదు.

ఇక మర్యాద సంగతి. భావం సరిగ్గా ఉన్నా భాష తప్పితే ఆ కాగితం మసీదు కాగితంలా ఉండదు. ఇందులో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఉర్దూలో అల్లాహ్ తఆలా 'ఫర్మాతా హై' అనీ అంటారు, గౌరవ బహువచనంలో 'ఫర్మాతే హైఁ' అనీ అంటారు. ఆ అలవాటుతో కొందరు తెలుగులో 'అల్లాహ్ సెలవిచ్చారు' అని రాస్తుంటారు. తెలుగు ఇస్లామీయ రచనల్లో స్థిరపడిన పద్ధతి అల్లాహ్‌కు ఏకవచనం. సెలవిచ్చాడు, ప్రసాదించాడు, ఆదేశిస్తున్నాడు. ఆయన ఒక్కడే అన్న విశ్వాసానికి ఆ ఏకవచనమే తగినది. ప్రవక్తలకు, సహచరులకు, విద్వాంసులకు మాత్రం గౌరవ బహువచనం. సెలవిచ్చారు, ఉపదేశించారు, ఉల్లేఖించారు. అందుకే మొదటి సారాంశంలో 'ప్రవక్త నిరాకరించాడు' అన్న మాట చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది.

కుదించేటప్పుడు ఇందులోంచే మరో చిక్కు పుడుతుంది. తెలుగులో 'ఆయన' అనే సర్వనామం అల్లాహ్‌కూ వాడతాం, ప్రవక్త (స) వారికీ వాడతాం. పెద్ద ప్రసంగంలో సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది. రెండు వాక్యాలు పక్కపక్కన చేరిన చిన్న బులెటిన్‌లో, క్రియ చివరనున్న 'డు', 'రు' అన్న ఒక్క అక్షరమే తేడా చెప్పాల్సి వస్తుంది. అచ్చులో అది తారుమారైతే ఎవరి మాట ఎవరిదో తెలియదు. కాబట్టి చోటు కలిసివస్తుందని సర్వనామం వాడవద్దు. అల్లాహ్ అన్న పేరును, ప్రవక్త (స) అన్న మాటను ప్రతి వాక్యంలోనూ తిరిగి రాయడమే మేలు.

సలవాతును కుదించే విషయంలోనూ జాగ్రత్త కావాలి. ప్రవక్త (స) పేరు వచ్చినప్పుడు సలవాతును సంకేతాక్షరంతో సరిపెట్టడాన్ని ఇబ్నుస్సలాహ్ (రహ్మ) వంటి విద్వాంసులు ఇష్టపడలేదు. పత్రికల్లో చోటు కొరత వల్ల (స) అనడం వాడుకైపోయింది. బులెటిన్‌లో కనీసం మొదటిసారైనా పూర్తిగా రాయాలి. ఇతర ప్రవక్తలకు (అ), సహచరులకు (రజి), తర్వాతి పెద్దలకు (రహ్మ) అన్నవాటిని తడబడకుండా వాడాలి. శీర్షికలో చోటు లేదని సలవాతు వదిలేసేకంటే, ప్రవక్త (స) పేరు శీర్షికలో లేకుండానే రాయడం మంచిది. పై ఉదాహరణలో శీర్షిక విషయాన్నే చెప్పింది, ఎవరి పేరూ ఎత్తలేదు.

మాటల ఎంపికలో మరికొన్ని సంగతులున్నాయి. 'ఎగ్గొట్టడం', 'చచ్చినవాడు' వంటి మాటలు పొట్టిగా ఉంటాయి, కాని మింబర్ మీది మాటలు కావు. 'చెల్లించకపోవడం', 'మరణించినవారు' అనాలి. అటు మరీ పెద్దరికం కోసం పోయి 'పరమపదించారు', 'స్వర్గస్థులయ్యారు' అని రాయడమూ సరికాదు. మొదటిది వేరే విశ్వాసానికి చెందిన మాట. రెండవదైతే, ఎవరికి స్వర్గం లభించిందో మనం తీర్పు చెప్పినట్లవుతుంది. అలాగే ఖతీబ్ సాహెబ్ 'మనం' అన్న చోట సారాంశంలో 'ముస్లిములు' అనో 'మీరు' అనో మారిపోవడం మేము తరచుగా చూస్తున్నాం. వేలెత్తి చూపని ప్రసంగం కాగితం మీదికి వచ్చేసరికి వేలెత్తి చూపుతుంది. ఖతీబ్ సాహెబ్ తనను కూడా కలుపుకుని 'మనం' అన్నారు. ఆ వినయం కూడా సందేశంలో భాగమే. తెలుగులో 'మేము', 'మనం' అని రెండు మాటలున్నందుకు మనం సంతోషించాలి. ఏది వాడాలో తెలిసి వాడాలి.

దుఆల సంగతి వేరు. వాటిని కుదించకూడదు, మాట మార్చకూడదు. నిద్రపోయే ముందు చదివే ఒక దుఆను నేర్చుకుంటూ హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) 'నబీ' అనవలసిన చోట 'రసూల్' అన్నారు. రెండూ ప్రవక్త (స) వారికి చెల్లే మాటలే. అయినా ఆయన (స) సరిదిద్ది, నేర్పిన మాటే అనిపించారు. ప్రసంగం చివర ఖతీబ్ సాహెబ్ ఏదైనా మస్నూన్ దుఆ నేర్పి ఉంటే, చోటుంటే పూర్తిగా ఇవ్వండి. లేదంటే ఏ సందర్భంలో చదివే దుఆనో చెప్పి, ఇమామ్ సాహెబ్ వద్ద నేర్చుకోమని రాయండి.

అరబీలో ఆయతును అచ్చువేయాలా అని కొందరు అడుగుతుంటారు. కాగితం గతి ఏమవుతుందో ఆలోచించండి. ఈ రోజు నోటీసు, రేపు పొట్లం. అందుకే సూరా పేరు, ఆయతు సంఖ్య ఇచ్చి, భావాన్ని తెలుగులో చెబితే చాలు. కావలసినవారు ఇంట్లో ముస్‌హఫ్ తీసి చూసుకుంటారు. ఆ సంఖ్యలను జ్ఞాపకంతో రాయకుండా, నమాజు తర్వాత ఖతీబ్ సాహెబ్‌నే అడిగి రాసుకోవాలి.

రాసుకోవడం ఎప్పుడన్నదీ ముఖ్యమే. ఖుత్బా జరుగుతుండగా పక్కవానిని ఊరుకోమని చెప్పడం కూడా వ్యర్థ చేష్టేనని హదీసులో ఉంది. కంకరరాళ్ళను చేత్తో తాకడం కూడా అలాంటిదేనని మరో హదీసు చెబుతోంది. కలం, కాగితంతో కుస్తీ పట్టడం అప్పుడు తగదు. మన ప్రాంతంలో చాలా మసీదుల్లో అరబీ ఖుత్బాకు ముందు ఉర్దూలోనో తెలుగులోనో బయాన్ ఉంటుంది. దాన్ని రాసుకోవడంలో ఈ ఇబ్బంది తక్కువ. ఖుత్బానే మన భాషలో ఇచ్చే మసీదుల్లో మాత్రం నిశ్శబ్దంగా విని, నమాజు ముగిశాక వెంటనే కూర్చుని రాయాలి. సందేహముంటే తమ ఇమామ్ సాహెబ్ చెప్పినట్లు నడుచుకోవాలి.

రాసింది సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? రెండు పరీక్షలున్నాయి. ఒకటి, అచ్చుకు ముందు ఖతీబ్ సాహెబ్‌కు చదివి వినిపించడం. చూపించడం కాదు, వినిపించడమే. తన మాటలో షరతు పోయిన చోట ఆయన చెవి వెంటనే పట్టేస్తుంది. రెండవది, ప్రసంగం విననివారికి ఆ కాగితం ఇచ్చి ఒక ప్రశ్న వేయడం. మన ఉదాహరణలోనైతే, అప్పు తీర్చలేని పేదవాడి విషయంలో ఏం చేయాలట అని ఇంట్లో అమ్మనో అక్కనో అడగండి. గడువివ్వాలట అని వారు చెబితే సారాంశం నిలిచింది. అతను జాలిమట అని చెబితే, ఎంత బాగా రాసినా మళ్ళీ రాయవలసిందే.

ఈ రెండవ పరీక్షకు ఇంట్లోవారినే ఎంచుకోమనడానికి కారణముంది. మసీదు మెట్లెక్కే వీలులేని ఆ తల్లులు, అక్కచెల్లెళ్ళ కోసమే కదా ఈ కాగితం. వారికి అందే ఖుత్బా ఆ 150 మాటలే. విన్నదాన్ని విన్నట్లుగా, తగిన మర్యాదతో లేనివారికి అందజేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.